ఒత్తుకు చోటేది? చిన్న పిల్లల తెలుగు వర్క్‌షీటు వెనక ఉన్న కొలతల లెక్క

జూన్‌లో బడులు తెరవగానే ఒకటో తరగతి టీచర్ల వాట్సాప్ గ్రూపుల్లో వర్క్‌షీట్ల పంపకం మొదలవుతుంది. ఎవరో ఇంగ్లీషు అక్షరాల కోసం తయారుచేసిన నమూనా తీసుకుని, అందులో తెలుగు మాటలు పెట్టి పంపుతారు. చూడ్డానికి బాగుంటుంది. పిల్లల చేతికి వెళ్లాక మాత్రం చిత్రంగా తయారవుతుంది. అక్షరాలన్నీ వచ్చిన పిల్ల కూడా "పిల్లి" రాయమంటే ఒత్తు ఎగరగొడుతుంది, "ఇల్లు" కొమ్ము గడి దాటిపోతుంది, చివరి రెండు గడులు ఖాళీగానే మిగిలిపోతాయి. టీచరు తప్పు పెడతారు. ఆ తప్పు పిల్లదా, కాగితానిదా అన్నది ఎవరూ చూడరు.

వర్క్‌షీటు పని పిల్లకు ఏం వచ్చో, ఏం రాదో చెప్పడం. గడి చిన్నదైతేనో, సూచన అర్థం కాకపోతేనో వచ్చిన తప్పు, రాక చేసిన తప్పులో కలిసిపోతుంది. తెలుగులో ఈ కలగలుపు ఇంగ్లీషులోకన్నా ఎక్కువ. కారణం మన అక్షరం కట్టుబడిలోనే ఉంది.

తెలుగు అక్షరం మూడంతస్తుల ఇల్లు

ఇంగ్లీషు నాలుగు గీతల పుస్తకంలో మధ్య రెండు గీతల్లో అక్షరం ఒళ్లు ఉంటుంది. కొన్ని అక్షరాలు పైకి, కొన్ని కిందికి సాగుతాయి. ఏ అక్షరమైనా అంతకుమించి చోటు అడగదు.

తెలుగులో "ల" ఒక్కటే రాస్తే అది మధ్య అంతస్తులో సరిపోతుంది. "లి" అయితే గుడి పై అంతస్తుకెక్కుతుంది. "ల్లి" అయితే పైన గుడి, మధ్యలో ల, కింద ల ఒత్తు. మూడు అంతస్తులూ నిండిపోతాయి. "స్త్రీ" లాంటి మాటలో కింది అంతస్తులోనే రెండు సరుకులు సర్దాలి, పైగా క్రావడి ఎడమ పక్కకు కూడా చోటడుగుతుంది. "గుడ్డు"లో పైన పెద్దగా ఏమీ లేదు కానీ కుడి పక్క కొమ్ము, కింద ఒత్తు ఉన్నాయి.

అందుకే "గడి పెద్దగా ఉండాలి" అన్న మాట తెలుగుకు సగమే సరిపోతుంది. వెడల్పు ఎంత పెంచినా ఎత్తు పెరక్కపోతే లాభం లేదు. ఇంగ్లీషు నమూనాల్లో గడి అడ్డంగా పొడుగ్గా, ఎత్తు తక్కువగా ఉంటుంది. ఆ గడిలో పిల్ల ముందు "ల" రాస్తుంది. అలవాటుగా గడినంతా నింపేలా రాస్తుంది. తర్వాత ఒత్తు గుర్తొస్తుంది. కింద చోటుండదు. అప్పుడు మూడే దారులు: ఒత్తు మానేయడం, గడి గీత మీదే రాయడం, పక్కన మామూలు అక్షరంలా రాయడం. మూడో దారిలో వెళ్లిన పిల్ల రాసిన "పిల్లి" మనకు "పిలలి"లా కనిపిస్తుంది. ఆ పిల్లకు ఒత్తు తెలుసు. దాన్ని పెట్టే చోటే లేదు.

గడి ఎత్తు లెక్క కట్టడం

లెక్క ఫాంటుతో మొదలుపెట్టకూడదు, పిల్లల చేత్తో మొదలుపెట్టాలి. గీతలు లేని తెల్లకాగితం ఇచ్చి, నలుగురైదుగురు పిల్లల్ని వాళ్ల పేరు రాయమనండి. స్కేలు పెట్టి మధ్య అంతస్తు ఎత్తు, అంటే గుడీ ఒత్తూ వదిలేసి అక్షరం ఒంటి ఎత్తు మాత్రమే కొలవండి. అందరిలో చిన్నగా రాసిన పిల్లను కాకుండా, పెద్దగా రాసిన పిల్లను లెక్కలోకి తీసుకోండి. చిన్నగా రాసేవాళ్లు పెద్ద గడిలో ఇబ్బంది పడరు.

ఆ కొలత 12 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. పైన గుడికో ఏత్వానికో అందులో సగం, 6 మిల్లీమీటర్లు వదలాలి. కింద ఒత్తుకు ఇంకొంచెం ఎక్కువ కావాలి, ఎందుకంటే పిల్లలు ఒత్తును పెద్దవాళ్లలా చిన్నదిగా రాయలేరు, దాదాపు అక్షరమంత రాస్తారు. 8 మిల్లీమీటర్లు. గీతకు తగలకుండా పైన రెండు, కింద రెండు. మొత్తం 30 మిల్లీమీటర్లు. మన చూపుడువేలు మొదటి రెండు కణుపులంత ఎత్తైనా ఉండదు, కానీ దుకాణంలో దొరికే చాలా వర్క్‌షీట్ల గడి ఇందులో సగముండదు.

వెడల్పు తేలిక. ఒక్కో అక్షరానికి, దాని పక్కనున్న కొమ్ముతో సహా, 20 మిల్లీమీటర్లు అనుకుంటే రెండక్షరాల మాటకు 40. పిల్లలు మాట మధ్యలో ఆగి చోటు వదిలి మళ్లీ మొదలుపెడతారు కాబట్టి దానికి రెట్టింపు పెట్టినా ఎక్కువ కాదు.

ఒక కాగితం మీద లెక్క వేసి చూద్దాం

"బొమ్మ చూసి పేరు రాయి" అనే ఒకటో తరగతి వర్క్‌షీటు తీసుకుందాం. మాటలు ఐదు: ఆవు, మేక, ఇల్లు, పిల్లి, గుడ్డు.

ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 ఎత్తు. నాలుగు వైపులా 15 చొప్పున అంచు వదిలితే 180, 267 మిగులుతాయి. పైన పిల్ల పేరుకు 20 ఎత్తున్న చోటు, దాని కింద బొమ్మల సూచనకు 30. ఇక మిగిలింది 217. ఒక్కో వరసకు 30 ఎత్తు గడి, కింద 10 ఖాళీ, కలిపి 40. ఐదు వరసలకు 200. అడుగున మిగిలిన 17లో టీచరుకో అమ్మానాన్నలకో ఒక వాక్యం చిన్న అక్షరాల్లో రాయొచ్చు.

అడ్డంగా చూస్తే అంకెకు 15, బొమ్మకు 45, మధ్య ఖాళీ 15, గడికి 90. మొత్తం 165. ఇంకా 15 మిగిలింది కదా అని అక్కడ పువ్వో సీతాకోకచిలుకో పెట్టకండి. చేయి ఆనించుకోవడానికి ఆ ఖాళీ కావాలి.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. "ఒక పేజీకి ఐదే ప్రశ్నలా? జిరాక్సు ఖర్చు ఎవరిస్తారు?" అన్నది నిజమైన ఇబ్బందే. ముప్పై మంది పిల్లలున్న తరగతికి రోజుకో పేజీ అంటే తక్కువేం కాదు. అందుకని రెండు నిలువు వరసలు చేసి పది ప్రశ్నలు ఇరికిస్తారు. దానివల్ల రెండు నష్టాలు. బొమ్మనూ ఖాళీనీ కుదించినా గడి 50 వెడల్పుకు తగ్గుతుంది. అంతకన్నా పెద్దది, మొదటి ప్రశ్న తర్వాత కుడికి వెళ్లాలా, కిందికి వెళ్లాలా అన్నది చదవడం రాని పిల్లకు తెలియదు. ఎడమ గడి పక్కన కుడి వరస బొమ్మ ఆనుకుని ఉంటే, ఏ బొమ్మ ఏ గడిదో కూడా తేలదు. ఖర్చు తగ్గించాలంటే కాగితం రెండో వైపు వాడటమే మేలు. పలక మీద రాయించి, వర్క్‌షీటును వారానికి రెండుసార్లకు తగ్గించడం ఇంకో దారి.

అమెరికాలో మనబడి తరగతుల పిల్లలకు ఇదే కాగితం పంపితే ఇంకో చిక్కు. అక్కడి లెటర్ కాగితం ఎత్తు 279 మిల్లీమీటర్లే. ప్రింటు చేసేటప్పుడు `Fit` ఎంచుకుంటే పేజీ మొత్తం 94 శాతానికి కుదించుకుపోతుంది, 30 గడి 28 అవుతుంది. `Actual size` ఎంచుకుంటే కొలత నిలుస్తుంది కానీ అడుగు భాగం తెగొచ్చు. వరసల మధ్య ఖాళీని 10 నుంచి 8కి తగ్గించి, అడుగున ఉన్న వాక్యాన్ని తీసేసి, లెటర్ సైజుకు వేరే ఫైలు చేసి పంపితే గడి కొలత మారదు.

గడిలో గీత ఉండాలా?

దీని మీద టీచర్లలో రెండు అభిప్రాయాలున్నాయి, రెండింటికీ బలముంది.

ఖాళీ గడి కావాలనేవాళ్లు చెప్పేదేమిటంటే, గీత కనబడగానే పిల్ల దృష్టి మాట మీంచి గీత మీదికి పోతుంది. అక్షరం గీత మీద కూర్చుందా లేదా అన్నది చూసుకుంటూ స్పెల్లింగు మరిచిపోతుంది. ఒకటో తరగతి మొదటి నెలల్లో ఇది కళ్లారా చూడొచ్చు.

గీత కావాలనేవాళ్లది వేరే లెక్క. ఖాళీ గడి ఇస్తే పిల్ల నట్టనడుమనో అడుగుకో అక్షరం రాసేస్తుంది. 30 మిల్లీమీటర్ల ఎత్తున్నా, అక్షరం అడుగున కూర్చుంటే ఒత్తుకు మళ్లీ చోటుండదు. ఎక్కడ కూర్చోవాలో చెప్పేది గీత.

ఒత్తులు నేర్పే వర్క్‌షీటు వరకు నేను గీత వైపే. కానీ నాలుగు గీతలు కాదు, ఒక్కటి. గడి అడుగు నుంచి 10 మిల్లీమీటర్ల ఎత్తులో, అక్షరం ఒళ్లు కూర్చునే గీత. దాని కింద ఉన్నదంతా ఒత్తు ఇల్లు. ఒత్తులు లేని మాటల వర్క్‌షీటుకు ఆ గీత అక్కర్లేదు, గడి ఎత్తు 22 చాలు. ప్రశ్నను బట్టి గడి మారాలి. ఒకే నమూనాలో అన్ని పాఠాలూ పోయడమే అసలు పొరపాటు.

అక్షరానికో గడి పెట్టేటప్పుడు కంప్యూటరు లెక్క తప్పుతుంది

మాటకు ఒకే గడి కాకుండా అక్షరానికో గడి ఇచ్చే పద్ధతీ ఉంది. మాటలో ఎన్ని అక్షరాలో ముందే తెలుస్తుంది కాబట్టి కొత్తగా రాసేవాళ్లకు ఆసరా. అయితే ఇది జవాబులో కొంత భాగం ముందే చెప్పేస్తుంది, పరీక్షకు పనికిరాదు.

ఇంటర్నెట్‌లో మాట టైపు చేస్తే గడులు తయారుచేసి ఇచ్చే సైట్లు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నిటికి "పిల్లి" ఇస్తే రెండు గడుల బదులు ఆరు గడులొస్తాయి. తప్పు ఎక్కడుందో ఎక్సెల్‌లో చూడొచ్చు:

```
=LEN("పిల్లి")
```

జవాబు 6. కంప్యూటరు దాచుకునేటప్పుడు ప, గుడి, ల, పొల్లు, ల, గుడి అని ఆరు ముక్కలుగా దాచుకుంటుంది. మన చెవికి, చేతికి అది రెండక్షరాలే: పి, ల్లి. ఆరు గడులు చూసిన పిల్ల "పి", "ల్లి" రాసి, మిగతా నాలుగింటిలో ఏం రాయాలో తెలియక బిక్కమొహం వేస్తుంది. గడుల సంఖ్య చేత్తో లెక్కపెట్టి పెట్టడం తప్ప వేరే దారి వెతక్కండి, ఐదు మాటలకు అది నిమిషం పని.

అచ్చు అక్షరం ఎంత పెద్దది?

"24 పాయింట్లు పెట్టండి" అని చెప్పడం తేలిక, కానీ ఆ అంకె మనం అనుకునే కొలత కాదు. ఒక పాయింటు 0.35 మిల్లీమీటర్లు, కాబట్టి 24 పాయింట్లంటే సుమారు 8.5. అది అక్షరం ఎత్తు కాదు, వరసలో అక్షరానికి కేటాయించిన చోటు. గుళ్లూ ఒత్తులూ సర్దడానికి కొన్ని ఫాంట్లలో అక్షరం ఒంటిని బాగా చిన్నది చేస్తారు. అదే 24 పాయింట్లకు గౌతమిలో ఒక ఎత్తు, రామభద్రలో ఇంకో ఎత్తు వస్తుంది. కాబట్టి అంకెను నమ్మకుండా ఒక పేజీ ప్రింటు తీసి, "ల" ఎత్తును స్కేలుతో కొలవండి. చూసి రాయాల్సిన మాటకు ఒళ్లు 7, 8 మిల్లీమీటర్లుంటే ఒకటో తరగతికి సరిపోతుంది.

ఫాంటు ఎంచేటప్పుడు అందం తర్వాత చూడొచ్చు, ముందు కవల అక్షరాల్ని చూడాలి. ర, ఠ పక్కపక్కన ప్రింటు చేయండి. తేడా లోపలి చుక్క ఒక్కటే. థ, ధ కూడా అంతే. ద, ధ, ప, ఫ జంటల్లో తేడా అడుగున ఉన్న చిన్న గీతలో ఉంటుంది. మందపాటి ఫాంటులో ఆ చుక్క చుట్టూ ఉన్న తెలుపు సన్నగా ఉంటుంది. జిరాక్సు మీద జిరాక్సు తీస్తే రెండో మూడో కాపీకి అది పూడుకుపోతుంది, ఠ కాస్తా నల్లటి ముద్ద అవుతుంది. గీత మందం సమానంగా, మధ్యరకంగా ఉన్న `Noto Sans Telugu` లాంటివి ఈ పనికి నమ్మకమైనవి. పరీక్ష ఎప్పుడూ తెర మీద కాదు, మూడో జిరాక్సు మీద.

వర్డ్‌లో ఇంకో ఉచ్చుంది. ఐదు వరసలు పేజీలో పట్టడం లేదని `Line spacing` దగ్గర `Exactly` ఎంచుకుని అంకె తగ్గిస్తే, పై వరస ఒత్తుల అడుగులూ కింది వరస గుళ్ల తలలూ తెగిపోతాయి. అక్కడ `Multiple` పెట్టి 1.5 ఇస్తే అక్షరం తెగదు. అక్షరాల మధ్య దూరం పెంచే ఆప్షన్ జోలికి అసలు వెళ్లకండి, కొన్ని ఫాంట్లలో ఒత్తు తన అక్షరాన్ని వదిలి పక్కకు జరుగుతుంది.

చదవడం రాని పిల్లకు సూచన ఎలా చెప్పాలి

"కింది బొమ్మలను గమనించి వాటి పేర్లను గడులలో రాయుము" అని పైన రాస్తాం. ఆ వాక్యం చదవగలిగిన పిల్లకు ఆ వర్క్‌షీటే అక్కర్లేదు. కాబట్టి సూచన బొమ్మల్లో ఉండాలి: కన్ను బొమ్మ, బాణం, పెన్సిల్ పట్టుకున్న చేయి. చూడు, తర్వాత రాయి. అంతే. మూడు బొమ్మలకు మించితే పిల్ల దాన్ని సూచన అనుకోదు, రంగులేసే పని అనుకుంటుంది.

బొమ్మ గుర్తులు ఏడాది పొడవునా మారకూడదు. ఈరోజు పెన్సిల్ బొమ్మ అంటే "రాయి", రేపు అదే బొమ్మ "గీత గీసి జతపరచు" అయితే పిల్ల రెండోరోజు కూడా రాస్తుంది. జతపరచడానికి రెండు చుక్కల మధ్య గీత, చుట్టడానికి సున్నాలో ఉన్న బొమ్మ, రంగుకు క్రేయాన్ అని నాలుగైదు గుర్తులు తేల్చుకుని, మొదటి వారం వాటినే ఆటగా నేర్పితే తర్వాత నోటితో చెప్పాల్సిన పని తగ్గుతుంది.

అన్నిటికన్నా బలమైన సూచన, ముందే చేసిపెట్టిన మొదటి ప్రశ్న. మన కాగితంలో మొదటి వరస ఆవు బొమ్మ, గడిలో "ఆవు" అని చేత్తో రాసినట్టే ఉంటుంది. కన్ను, పెన్సిల్ చెప్పలేనిది అది చెబుతుంది. దాన్ని లేత బూడిదరంగులో పెట్టకండి, జిరాక్సులో మాయమై పిల్లకు ఖాళీ గడిలా కనిపిస్తుంది. నల్లగానే ఉంచి, గడి మూలన ఒక టిక్కు పెడితే చాలు.

బొమ్మలు ఎంత వివరంగా ఉండాలన్నది ఇంకో వాదన. పిల్లలకు ఆసక్తి రావాలంటే పొలం, చెట్టు, సూర్యుడితో సహా ఆవును గీయాలని కొందరంటారు. అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు 2020లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కథతో సంబంధం లేని వివరాల్ని బొమ్మల్లోంచి తీసేస్తే, కొత్తగా చదువుతున్న పిల్లల చూపు పాఠం మీంచి పక్కకు పోవడం తగ్గి, చదివింది బాగా అర్థమైందని తేలింది. అది కథల పుస్తకం, మనది వర్క్‌షీటు. అయినా వర్క్‌షీటులో చెట్టు గీస్తే ఇంకో ప్రమాదం ఖాయం. "చెట్టు" అని రాసే పిల్ల ఒకరుంటారు. అది తప్పని ఎలా అంటాం?

బొమ్మ పేరు ఊరినిబట్టి మారుతుందన్నదీ మరిచిపోకూడదు. సొరకాయ బొమ్మ పెడితే ఒక చోట "సొరకాయ", ఇంకోచోట "ఆనపకాయ" వస్తుంది. బంగాళాదుంపను ఆలుగడ్డ అనేవాళ్లున్నారు, ఉల్లిపాయను ఉల్లిగడ్డ అనేవాళ్లూ ఎర్రగడ్డ అనేవాళ్లూ ఉన్నారు. అలాంటి బొమ్మ పెడితే అన్ని పేర్లనూ ఒప్పుకోవాలి, లేదంటే బొమ్మే మార్చాలి. ఆవు, ఎద్దు తేడా తెలిసేలా గీశామా అన్నదీ చూసుకోవాలి. తరగతిలో లేని ముగ్గురు పిల్లలకు బొమ్మ ఒక్కటే చూపించి "ఇదేంటి?" అని అడిగితే నిమిషంలో తేలుతుంది.

చుక్కల అక్షరాలు దిద్దించాలా?

వర్క్‌షీటు అనగానే చుక్కలు కలపడమే గుర్తొస్తుంది. దిద్దడం మన బడుల్లో పాత అలవాటు. చేయి తిరగడానికి అది పనికొస్తుందనేవాళ్ల మాట కాదనలేం, ముఖ్యంగా పెన్సిల్ కొత్తగా పట్టినవాళ్లకు. మరోవైపు 2012లో కరిన్ జేమ్స్, లారా ఎంగెల్‌హార్ట్ ఇంకా చదవడం రాని పిల్లల మీద చేసిన పరిశోధనలో, పిల్లలు సొంతంగా రాసిన అక్షరాల్ని చూసినప్పుడు మెదడులో చదువుకు సంబంధించిన భాగాలు చురుకయ్యాయి. దిద్దిన అక్షరాలకూ టైపు చేసిన అక్షరాలకూ అలా జరగలేదు. అది కొద్దిమంది పిల్లల మీద, ఇంగ్లీషు అక్షరాలతో చేసిన పని. తెలుగుకు అదే కొలత అనలేం గానీ, దిద్దడం దగ్గరే ఆగిపోకూడదని మాత్రం చెబుతుంది. మొదటి గడిలో చుక్కల అక్షరం, రెండో గడిలో మొదలుపెట్టే చోట ఒక్క చుక్క, మూడోది ఖాళీ. ఇలా ఆసరా తగ్గిస్తూ పోతే రెండు వర్గాల మాటా చెల్లుతుంది. చుక్కలు నల్లగా ఉండాలి, బూడిదరంగు చుక్కలు జిరాక్సు తట్టుకోవు.

రాసిన కాగితాల్ని ఎలా చదవాలి

పిల్లలు ఇచ్చిన ముప్పై కాగితాలూ మార్కులు వేయకముందు నేల మీద పరిచి ఒకసారి చూడండి. ఒకే చోట చాలామంది తడబడ్డారంటే అది కాగితం తప్పు. అందరికీ ఒత్తు గడి కింది గీతను దాటిందంటే ఎత్తు చాలలేదు. చాలామంది చివరి వరస ఖాళీగా వదిలారంటే ప్రశ్నలు ఎక్కువయ్యాయి. ఆవు గడిలో ఉన్న "ఆవు" మీదే మళ్లీ రాసి ఉంటే, అది చేసిపెట్టిన నమూనా అని వాళ్లకు తెలియలేదు. ఎడమచేతి పిల్లలు మాత్రమే తడబడితే, రాసే చేయి ఎడమనున్న బొమ్మను కప్పేస్తోంది, వాళ్లకు బొమ్మ గడి పైన ఉన్న కాగితం కావాలి.

ఒకరిద్దరే తడబడితే అప్పుడది పిల్లల సంగతి. 30 మిల్లీమీటర్ల గడి ఉండి, గీత ఉండి, కింద చోటంతా ఖాళీగా ఉండి కూడా "పిలి" అని రాసిందంటే, ఆ పిల్ల చేత "పిల్లి" అని గట్టిగా పలికించి చూడండి. నొక్కి పలికితే ఒత్తు వినబడుతోంది, రాయడం రావడం లేదు. "పిలి" అనే పలికితే మొదలుపెట్టాల్సింది పెన్సిల్‌తో కాదు, చెవితో.